స్పార్క్‌కి ఎన్ని మార్కులు?

ఇంటర్వ్యూ స్కోర్‌కార్డు ఎప్పుడు నింపాలన్న విషయంలో మన పెద్దలకు ఏ సందేహమూ లేదు. ఎవర్ని తీసుకోవాలో తేలిపోయాక నింపాలి. ముందే నింపితే మార్కులు తప్పు పడొచ్చు కదా!

కార్డు తయారుచేసినవాళ్లు పాపం వేరేగా అనుకున్నారు. కస్టమర్ సపోర్ట్ టీమ్ లీడ్ ఉద్యోగానికి కావలసిన అంశాలు నాలుగు రాసి, వచ్చినవాళ్లందరినీ ఒకే ప్రశ్నలు అడగమన్నారు. "కోపంతో ఫోన్ చేసిన కస్టమర్ సంగతి ఒకటి చెప్పండి" అంటే ఏ జవాబుకి ఎంతో కూడా ముందే రాసిపెట్టారు. "నేను ఓపిగ్గా మాట్లాడతానండీ" అని సరిపెడితే 1. నిజంగా జరిగింది చెప్పి, తను ఏం చేశారో వివరిస్తే 3. ఆ ఫిర్యాదు మళ్లీ రాకుండా ఏం మార్చారో కూడా చెబితే 5. అంటే ఎవరు వేసినా 3కి అర్థం ఒకటే.

మరి ఇందులో మా పెద్దాయన అనుభవానికి చోటేదీ? అందుకే కార్డు చివర ఒక గడి కలిపారు: స్పార్క్. దానికి వివరణ అక్కర్లేదు. ఉన్నవాళ్లు గుమ్మంలో అడుగుపెట్టగానే తెలిసిపోతుందట.

మొన్న ఒకావిడ వచ్చారు. ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు పోయిన కస్టమర్‌ని సముదాయించి, అలాంటి రీఫండ్‌లు రెండు విభాగాల మధ్య ఇరుక్కుంటున్నాయని కనిపెట్టి, ఆ పని మొత్తం ఒకే చేతికి వచ్చేలా మార్పించారు. ముగ్గురు 5, 5, 4 వేశారు. పెన్సిల్‌తో. లోకజ్ఞానం ఉన్నవాళ్లు.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, "అంతా బాగానే ఉంది గానీ, స్పార్క్ లేదోయ్" అన్నారు. రబ్బరు చేతులు మారడం మొదలైంది. "నిజమే సార్, నాకూ ఎక్కడో తేడా కొట్టింది" అంటూ ఒకాయన 5 చెరిపి 3 వేశారు. రెండో ఆవిడ చెరపడానికి కూడా బద్ధకించి, 5 నడుము మీద ఒక గీత తిప్పి దాన్నే 3 చేసేశారు. మూడో ఆయన 4 ఆ పాటికే తుడుచుకుపోయింది. అంతవరకూ ఖాళీగా ఉన్న పెద్దాయన కార్డులో నిలువునా 2, 2, 2, 2. రిపోర్టు రాసే నైపుణ్యానికి కూడా 2. దాని గురించి ఆవిడని ఎవరూ అడగనే లేదు!

సైన్యంలో అధికారులు తమ కిందివాళ్లకిచ్చిన మార్కుల్లో ఒక గుణం మీది అభిప్రాయం మిగతా గుణాల మీదికీ పాకడాన్ని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే పట్టుకున్నాడు. మావాళ్లు ఇప్పటికీ దాన్ని అనుభవం అంటున్నారు.

ఇష్టం లేకపోతే తీసుకోకండి. కార్డు లేని రోజుల్లో "నచ్చలేదు" అనైనా అనేవారు. ఇప్పుడు ఆవిడ అడిగితే, దిద్దిన అంకెలు చూపించి "నలుగురూ విడివిడిగా మార్కులేశారమ్మా" అంటారు. ఆవిడ ఇంటికెళ్లి తన జవాబులో తప్పెక్కడుందా అని వెతుక్కుంటుంది. ఇది మోసం కాక ఏమిటి?

ఇంటర్వ్యూ అవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, మార్కూ, దానికి ఆధారంగా అభ్యర్థి అన్న మాటలూ పెన్నుతో రాసి ఇచ్చేయాలి. చర్చలో మార్చాలనిపిస్తే పాత అంకె పక్కనే కారణం రాయాలి. పెద్దాయన ఆఖర్న మాట్లాడాలి. అంతసేపు ఆగలేకపోతే బయట కూర్చోమనండి.