ఆరు నెలల తేడా: పలనాడు, మన్యం తిరుగుబాట్లు ఎందుకు అణగిపోయాయి

వలస పాలనపై రైతులు, గిరిజనులు తిరగబడడానికి పేదరికాన్నే కారణంగా చూపడం మనకు అలవాటు. కానీ గోదావరి, విశాఖ మన్యంలో 1879లోనూ 1922లోనూ జరిగినదాన్ని గమనిస్తే, జనాన్ని లేపింది కరవు కాదని, తరతరాలుగా అనుభవిస్తున్న హక్కు కాగితం మీద నేరంగానో, గుత్తగానో మారిపోవడమేనని అర్థమవుతుంది. రంపలో జీలుగు కల్లు కొండవాళ్లకు ఆహారంతో సమానం. దాని మీద రంప ప్రాంతపు అధిపతి అయిన మునసబుదారు చిగురుపన్ను వేసి, కల్లు గుత్తకిచ్చి, కొన్నేసి కొండ ఊళ్లు కలిసిన ముఠాలను వాటి పెద్దలైన ముఠాదారుల నుంచి ఒక్కొక్కటిగా లాక్కున్నాడు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు చిన్న అప్పులకు కోర్టు డిక్రీలు తెచ్చుకుని కొండవాళ్ల పశువులను, పంటను తోలుకుపోయారు. చదువు రాని మనిషికి ఆ కోర్టు ఎక్కడుందో కూడా తెలియదు. 1879 మార్చిలో తిరుగుబాటు మొదలైనప్పుడు దాడులు ముందుగా పోలీసుల మీదికి మళ్లాయంటే, ఈ దోపిడీకి కాపలా ఎవరో వాళ్లకు స్పష్టంగా తెలుసన్నమాట.

ప్రభుత్వం సైన్యాన్ని దించి ఆ తిరుగుబాటును అణచివేసింది. అయితే మునసబుదారును తొలగించి, ముఠాలను నేరుగా ముఠాదారులకే అప్పగించడం కూడా అప్పుడే జరిగింది. నా దృష్టిలో సైన్యం కంటే ఎక్కువకాలం పనిచేసిన ఎత్తుగడ అదే. ఎందుకంటే కొండ జనాన్ని కూడగట్టగలిగింది ముఠాదారులే. వారిలో కొందరికైనా ప్రభుత్వంతో సర్దుబాటు కుదిరితే మిగిలినవారు ఒంటరివారవుతారు.

1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడుపై, అడవి వాడకంపై ఆంక్షలు బిగిశాయి. గూడెం ప్రాంతంలో తహసీల్దారు బాస్టియన్ రోడ్ల పనికి గిరిజనులను పిలిచి, న్యాయమైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. అల్లూరి సీతారామరాజు ఈ కోపాన్ని ఒక క్రమంలోకి తెచ్చాడు. ఆయన వెంట నడిచిన గాం గంటం దొర, గాం మల్లు దొర ఆ కొండల్లో పలుకుబడి ఉన్న సోదరులు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసి తుపాకులు, తూటాలు తీసుకున్నారు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర పొంచి ఉండి ఇద్దరు ఆంగ్లేయ అధికారులను కాల్చి చంపారు. దారులు తెలిసినవారికి కొండ ఎంత బలమో ఆ రోజు తేలింది.

ఆ బలానికి ఉన్న హద్దు కూడా త్వరలోనే బయటపడింది. ఠాణాలో దొరికిన తూటాలు ఖర్చయితే మళ్లీ తెచ్చుకునే దారి లేదు. తూటాలు దొరకాలంటే మళ్లీ ఠాణా మీదే పడాలి, అక్కడ ఈసారి కాపలా సిద్ధంగా ఉంటుంది. 1922 డిసెంబరులో మలబారు ప్రత్యేక పోలీసులతో జరిగిన కాల్పుల్లో ఉద్యమకారులు మనుషులనూ ఆయుధాలనూ కోల్పోయాక, పెద్ద ఎదురుకాల్పులకు దిగే శక్తి తగ్గిపోయింది. మరోవైపు తిండి పెట్టే ఊళ్లను ప్రభుత్వం వేధించింది. ఆకలి, భయం, బహుమతి ఆశ కలిసి రహస్యాన్ని కరిగించాయి. 1924లో అస్సాం రైఫిల్స్ కూడా వచ్చాయి. మే 7న రాజును పట్టుకుని కాల్చి చంపారు.

గుంటూరు జిల్లా నుంచి చూసేవారికి ఇక్కడ ఒక తేదీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పలనాడులో పశువుల మేతపై వేసిన పుల్లరిని ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయాడు. పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్ను కట్టకుండా నిలబడ్డ రోజులూ అవే. చౌరీచౌరా తరువాత గాంధీజీ సహాయ నిరాకరణను ఆపడంతో ఆ ఊపు చల్లారింది. మన్యం లేచింది ఆ తరువాత ఆరు నెలలకు! పలనాడులో పుల్లరి, మన్యంలో పోడు: ఫిర్యాదు ఒక్కటే, అటవీ శాఖ. అయినా ప్రభుత్వం ఒకేసారి రెండింటినీ ఎదుర్కోవలసిన అవసరమే రాలేదు.

దీన్ని కేవలం దురదృష్టంగా చూడలేం. అహింసే ఆయుధమన్న కాంగ్రెస్ నాయకత్వానికి తుపాకి పట్టినవారితో చేయి కలపడం సాధ్యం కాలేదు. ఖద్దరు కట్టుకుని మద్యపానం మానమని చెప్పిన రాజు మీద గౌరవం ఉన్నా, సాయం అందించే మార్గం మైదానంలో ఎవరూ నిర్మించలేదు. ఇందులో ఇంకో చిక్కు ఉంది: మన్యంలో గిరిజనుడి ధాన్యాన్ని, పశువును అప్పు కింద తీసుకెళ్లినవాడు తెల్లదొర కాదు, మైదానపు వ్యాపారి. పన్నును ఎదిరించే రైతు, అప్పును ఎదిరించే కొండవాడు ఒకే వరుసలో నిలబడాలంటే ముందు ఈ సంగతిని మైదానం ఒప్పుకోవాలి. అప్పటి ఉద్యమంలో దాన్ని ముందుకు తెచ్చే సంఘం గుంటూరులోనూ లేదు, బెజవాడలోనూ లేదు.