మార్చి 8 సెలవేనంటూ తిరుగుతున్న మెసేజ్

"ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రతి అంతర్జాతీయ దినం అన్ని దేశాల్లోనూ సెలవే. ఫోన్ క్యాలెండర్‌లో కనిపిస్తే చాలు, పనికి వెళ్లక్కర్లేదు, జీతం కోయకూడదు. అవగాహన దినాలూ ప్రభుత్వాలు పెట్టినవే. అందరికీ పంపండి."

పంపారు. ఈ వారంలో నాకే ఐదుగురు పంపారు.

చివరి ముక్క ముందు తేల్చేస్తాను. అవగాహన దినం ఎవరైనా పెట్టుకోవచ్చు. నవంబర్ 19న జరిపే ప్రపంచ టాయిలెట్ దినాన్ని 2001లో ఒక స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టింది. ఐక్యరాజ్యసమితి దాన్ని గుర్తించింది 2013లో.

ఇక అసలు ప్రమాదం జీతం మాట. ఇది నమ్మి నా స్నేహితురాలు ఒకరు మార్చి 8న చెప్పాపెట్టకుండా ఇంట్లో ఉండిపోయారు. ఒక రోజు జీతం పోయింది. మెసేజ్ రాసినాయన కట్టిస్తాడా?

ఐక్యరాజ్యసమితి ఎవరికీ సెలవు ఇవ్వలేదు. సర్వసభ్య సభ తీర్మానం చేసి, ఫలానా రోజు పాటించండని దేశాలను కోరుతుంది, అంతే. మహిళా దినం సంగతే చూడండి. 1977 నాటి తీర్మానం మార్చి 8 అని కూడా అనలేదు. మీ మీ సంప్రదాయాల ప్రకారం ఏడాదిలో ఏదో ఒక రోజును మహిళల హక్కులకు, అంతర్జాతీయ శాంతికి ప్రకటించుకోండి అంది. తేదీయే మీ ఇష్టమన్న కాగితం సెలవు ఎలా ఇస్తుందండీ?

సెలవు ఇచ్చేది ఆ దేశపు చట్టమో, ప్రభుత్వ ఉత్తర్వో. రష్యాలో మార్చి 8 నిజంగానే సెలవు, సోవియట్ కాలంలో 1965లో ఇచ్చినది. చైనాలో ఆడవాళ్లకు సగం రోజు. రోజు అదే, పేరూ అదే, దేశాన్ని బట్టి ఒకచోట సెలవు, ఇంకోచోట ఉత్త పాటింపు. కాబట్టి పేరు చూసి తేల్చకండి. మీ ప్రభుత్వం ఆ ఏడాదికి విడుదల చేసిన సెలవుల జాబితాలో ఆ తేదీ ఉందా చూడండి. అందులో ఉన్నా మీ ఆఫీసుకు వర్తిస్తుందో లేదో వాళ్ల సెలవుల పట్టికలో చూసుకోవాలి. చాలాచోట్ల ప్రైవేటు సంస్థలకు ప్రభుత్వ జాబితా మొత్తం వర్తించదు.

క్యాలెండర్ విషయంలో మాత్రం మెసేజ్ రాసినాయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. ఒకసారి నేనూ మోసపోయాను. గూగుల్ క్యాలెండర్ రెండు రకాల రోజులనూ Holidays అనే ఒకే పేరు కింద, ఒకే రంగులో చూపిస్తుంది. ఆ రోజు మీద నొక్కితే కింద చిన్న అక్షరాల్లో Public holiday అనో Observance అనో ఉంటుంది. రెండోది కనిపిస్తే బ్యాగు సర్దుకుని బయలుదేరండి.

ఇంత చెప్పినా వినకపోతే, నవంబర్ 19న మేనేజర్‌కి ఫోన్ చేసి ఈ రోజు టాయిలెట్ దినం, రాలేనని చెప్పి చూడండి.