ఓనరును బిల్లు అడిగిన కిరాయిదారు

రాణిగంజ్‌లో ముల్గీ కిరాయికి తీసుకొని నల్లాలు, పైపు ఫిట్టింగులు అమ్ముకునే నా మిత్రుడొకడు, పన్నెండేళ్లుగా ఏ మచ్చా లేకుండా బతికినవాడు, ఈ మధ్య ఒకటో తారీఖున కిరాయి ముట్టజెప్పి, వెళ్లిపోకుండా అక్కడే నిలబడి, "సార్, జీఎస్టీ నంబరు వేసి పక్కా బిల్లు ఇప్పిస్తారా?" అని ఓనరుగారిని అడిగేశాడు. ఆ మాటతో ఓనరుగారికి కలిగిన మనస్తాపాన్ని గుర్తించే సహృదయులు ఈ నగరంలో అరుదు గనుక, ఎవరూ కోరకపోయినా ఆయన తరఫున వకాల్తా పుచ్చుకొని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఓనరుగారి సద్గుణాలు చెప్పాలి. పన్ను వసూలులో ఆయనను మించిన దేశభక్తుడు లేడు. ముల్గీ కిరాయి నెలకు 60,000 రూపాయలైతే, దానిమీద 18 శాతం, అంటే 10,800 రూపాయలు అదనంగా ఇవ్వాలని అగ్రిమెంటులో ఆయనే రాయించారు. నెలనెలా 70,800లో ఒక్క రూపాయి తగ్గినా ఫోను చేస్తారు. ఆ బిల్డింగులో ఇలాంటివే నాలుగు ముల్గీలున్నాయి. ఏడాదికి కిరాయిలే 28,80,000 అవుతాయి గనుక, సేవలకున్న 20 లక్షల హద్దు ఎప్పుడో దాటిపోయి, ఆయన రిజిస్ట్రేషను కూడా తీసుకున్నారు. ఇంత చట్టబద్ధంగా తీసుకున్న డబ్బుకు ఆయన ఇచ్చేదేమిటంటే, పాత డైరీలోంచి చింపిన కాగితం మీద రెవెన్యూ స్టాంపు అంటించి, "కిరాయి ముట్టినది" అని రాసి చేసిన సంతకం. పన్ను ముట్టిందో లేదో అందులో ఉండదు. ఆ ఊసెత్తడం మొరటుతనమని ఆయన భావించి ఉంటారు.

ఇక కిరాయిదారు స్వార్థం చూడండి. ఒక నెలలో అతడు అమ్మిన సరుకుమీద కట్టాల్సిన పన్ను 35,000 అనుకుందాం. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను 22,000 మినహాయిస్తే 13,000 మిగులుతుంది. కిరాయిమీద ఇచ్చిన 10,800 కూడా ఇన్‌పుట్ క్రెడిట్‌గా మినహాయించుకుంటే అతని జేబులోంచి పోయేది 2,200 మాత్రమే. బిల్లు లేకపోతే మొత్తం 13,000 కట్టాలి. ఏడాదికి ఈ తేడా 1,29,600 రూపాయలు, అంటే రెండు నెలల కిరాయి కన్నా ఎక్కువ. ఒక డైరీ కాగితం విలువ అంత ఉంటుందని తెలిశాక అతనికి నిద్ర పట్టలేదట. ఇలాంటి దురాశాపరుణ్ణి ఏమనాలి?

ఓనరుగారు సహజంగానే నిలదీశారు. "కిరాయికి బిల్లేందయ్యా? నేనేమన్న ఉప్పు పప్పు అమ్ముతున్ననా?" న్యాయమైన ప్రశ్నే. అయినా ఉదారంగా ఆలోచించి, మరుసటి వారం కంప్యూటరులో కొట్టించిన ఒక బిల్లు పంపించారు. అందులో ఆయన పేరు, అడ్రసు, 60,000, 10,800, మొత్తం అన్నీ ఉన్నాయి. ఆయన జీఎస్టీ నంబరు మాత్రం లేదు. నా మిత్రుడి నంబరు దుకాణం బోర్డు మీదే ఉంటుంది, దారిన పోయేవాడెవడైనా చదువుకోవచ్చు. ఓనరుగారి నంబరు అలా బజారుకెక్కేది కాదు. అయితే టీడీఎస్ కట్టడం కోసం తీసుకున్న పాన్ నంబరు నా మిత్రుడి దగ్గర ఉండనే ఉంది. జీఎస్టీ పోర్టల్‌లో పాన్ కొట్టి వెతికితే, 36తో మొదలయ్యే పదిహేను అక్షరాల నంబరు, 'యాక్టివ్' అన్న మాటతో సహా, క్షణంలో బయటపడింది. ఇంటి గుట్టును ఇలా రచ్చకెక్కించే సర్కారును ఏమనుకోవాలో పాఠకులే నిర్ణయించుకోవాలి.

నంబరు దొరికిపోయాక రెండో బిల్లు వచ్చింది. ఇందులో ఓనరుగారి నంబరు, నా మిత్రుడి నంబరు, తేదీ, వరుస సంఖ్య, కిరాయి సేవ కోడు 997212, తొమ్మిదీ తొమ్మిదీ శాతాలుగా విడగొట్టిన పన్ను, సంతకం, దేనికీ లోటు లేదు. నా మిత్రుడు దాన్ని ఫ్రేము కట్టించాలనుకున్నాడు. కానీ వచ్చే నెల 14న పోర్టల్‌లో అమ్మినవాళ్లు తన నంబరు మీద చూపిన బిల్లుల జాబితా, జీఎస్టీఆర్-2బి, తెరిచి చూస్తే, పైపుల కంపెనీ ఉంది, ట్రాన్స్‌పోర్టు వాళ్లున్నారు, ఓనరుగారు లేరు. చేతిలో బిల్లుంటే చాలదని, అది ఓనరుగారు వేసే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 ద్వారా కిరాయిదారు 2బిలోకి వచ్చి కూర్చోవాలని, లేకపోతే క్రెడిట్ లేదని చట్టం అంటోంది. మనిషి మాటను, సంతకాన్ని, పోనీ రెవెన్యూ స్టాంపునైనా నమ్మని చట్టమిది.

ఆరా తీస్తే, ఓనరుగారి అకౌంటెంటు ఆ కిరాయిని నంబరు లేని మామూలు గిరాకీలకు అమ్మినట్టు బీటూసీ పద్దులో మొత్తంగా వేసేశాడని తేలింది. పన్ను సర్కారుకు చేరింది. ఎవరి తరఫున చేరిందో మాత్రం సర్కారుకు తెలియదు. గుప్తదానమంటే ఇదే, కాకపోతే దాత నా మిత్రుడని దాతకు తప్ప ఎవరికీ తెలియలేదు. దీన్ని తర్వాతి జీఎస్టీఆర్-1లో సరిచేసి, నంబరున్న వ్యాపారులకు అమ్మినవి చూపే బీటూబీ పద్దులోకి మార్చవచ్చు. అయితే ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు, లేదా వార్షిక రిటర్ను వేసేలోపు, ఏది ముందైతే ఆలోపే ఆ పని జరగాలి. ఆ తర్వాత సరిచేయడమూ ఉండదు, క్రెడిట్ తీసుకోవడమూ ఉండదు. "జల్దేముంది, చేద్దాం తియ్" అని అకౌంటెంటు అన్న మాటను ఈ గడువు పక్కన పెట్టి చదివితే, ఆ తియ్యదనం ఇంకాస్త పెరుగుతుంది.

నా మిత్రుడు మూడోసారి వెళ్లేసరికి ఓనరుగారి సహనం నశించింది. "ఇంత సతాయిస్తే నంబరే క్యాన్సల్ చేసుకుంట, ఏం చేస్తవో చేస్కో!" అన్నారు. మామూలు కిరాయిదారైతే గడగడలాడేవాడే. ఇతడు మాత్రం ముఖం వెలిగిపోతుండగా, "చాలా మంచిది సార్," అన్నాడట. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషను లేని ఓనరు దగ్గర రిజిస్ట్రేషను ఉన్న వ్యాపారి వాణిజ్య స్థలం కిరాయికి తీసుకుంటే, రివర్స్ చార్జ్ కింద ఆ పన్ను వ్యాపారే నేరుగా కట్టాలి. క్రెడిట్ లేకుండా అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల కాంపోజిషను స్కీములో ఉన్న వాళ్లకు 2025 జనవరిలో మినహాయింపు ఇచ్చారు గానీ, నా మిత్రుడు అందులో లేడు. తన పేర తానే బిల్లు రాసుకొని, 10,800 క్యాష్ లెడ్జరు నుంచి కట్టి, అదే నెలలో అంతకు అంతా క్రెడిట్ తీసుకుంటాడు. ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడనక్కరలేదు. "అప్పుడు మీకు 60,000 ఇస్తే సరిపోతుంది కదా సార్, పైన 10,800 అక్కర్లేదు," అని కూడా వినయంగా గుర్తుచేశాడట. 28 లక్షల రాబడి ఉన్నవారు నంబరు వదులుకోవడం అంత సులువు కాదన్న సంగతి అతడు ఎత్తనేలేదు.

ఆ తర్వాత గదిలో కాసేపు ఫ్యాను చప్పుడు మాత్రమే వినిపించిందని నా మిత్రుడు చెబుతున్నాడు. మరుసటి నెల 14న 2బిలో ఓనరుగారు దర్శనమిచ్చారు. పాత నెలది కూడా సవరణతో సహా వచ్చి చేరింది. బిల్లు వెంట ఒక చీటీ కూడా వచ్చింది. బిల్లు తయారు చేయించినందుకు నెలకు 500 రూపాయలు విడిగా ఇవ్వాలని అందులో ఉంది. నా మిత్రుడు మారుమాట లేకుండా ఒప్పుకొని, ఆ 500 మీద కూడా 90 రూపాయల పన్ను పడుతుంది గనుక దాన్నీ వచ్చే బిల్లులో కలిపి చూపించమని అడగడానికి మెట్లెక్కుతున్నాడు.