ఎన్ని ఎంఎల్ అని కాదు, ఎన్ని ఎంజీ అని అడగండి

బెంగళూరులో పిల్లల డాక్టరుగా పనిచేస్తున్న నాకు రాత్రి పదకొండు దాటాక వచ్చే ఫోన్లలో మన తెలుగువాళ్ళవి చాలానే ఉంటాయి, ప్రశ్న కూడా దాదాపు ఒకటే. "పాపకి జ్వరం డాక్టరు గారూ, ఏది తాగినా కక్కేస్తోంది, పారాసిటమాల్ ఎన్ని ఎంఎల్ పొయ్యమంటారు?" ఈ ప్రశ్నకి ఫోన్లో ఒక అంకె చెప్పి పెట్టేయడం ప్రమాదం. డాక్టరైనా, మెడికల్ షాపు వాళ్ళైనా, ఒంగోలు నుంచి పెద్దమ్మైనా, చేతిలో ఉన్న సీసా మీద ఏం రాసుందో తెలియకుండా ఎంఎల్ చెప్పకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

కారణం చెప్తాను. ఒకే కంపెనీ, ఒకే పేరు, దాదాపు ఒకే రంగు అట్టపెట్టె. కానీ డ్రాప్స్ అయితే ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ మందు ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 ఎంఎల్‌కి 120 లేదా 125 ఎంజీ. పెద్ద పిల్లలకిచ్చే డీఎస్ సిరప్‌లో అదే 5 ఎంఎల్‌కి 250. బిడ్డకి కావాల్సింది బరువును బట్టి, కిలోకి 15 ఎంజీ. అంటే పది కిలోల పిల్లకి ఒక డోసు 150 ఎంజీ, అది డ్రాప్స్‌లో ఒకటిన్నర ఎంఎల్, మామూలు సిరప్‌లో సుమారు ఆరు, డీఎస్‌లో మూడు. ఆరు అనే అంకె గుర్తుపెట్టుకుని డ్రాప్స్ సీసాలోంచి ఆరు ఎంఎల్ పోస్తే నాలుగు రెట్లు పోసినట్టు.

వైట్‌ఫీల్డ్‌లో ఉండే ఒక కుటుంబంలో ఇలాగే జరిగింది. పాపకి ఏడాదిన్నర, పది కిలోలు. సాయంత్రం నుంచి 102 జ్వరం, మూడు వాంతులు. ఇంట్లో ఉన్న సిరప్ అయిపోతే పాప వాళ్ళ నాన్న కింద షాపుకెళ్ళి అదే పేరు చెప్పి తెచ్చారు, వాళ్ళు డీఎస్ ఇచ్చారు. అలవాటు ప్రకారం ఆరు ఎంఎల్ పోశారు, అంటే 300 ఎంజీ. నలభై నిమిషాలకి పాప కక్కింది. మందంతా పోయిందనుకుని మళ్ళీ ఆరు పొయ్యబోతూ ఫోన్ చేశారు. సీసా మీద చిన్న అక్షరాలు చదవమన్నాను, అప్పుడు బయటపడింది. మందు వేసిన అరగంట తర్వాత కక్కితే చాలావరకు లోపలికి వెళ్ళిపోయినట్టే, మళ్ళీ వెయ్యకూడదు. వేసిన వెంటనే మొత్తం బయటికొస్తే ఒక్కసారి వెయ్యొచ్చు, ఎంత పోయిందో అనుమానంగా ఉంటే వద్దు. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు, ఆరైతే ఇంకా మంచిది, రోజు మొత్తం మీద నాలుగు డోసులు దాటకూడదు. నోట్లో నిలవకపోతే వెనక నుంచి పెట్టే బిళ్ళలు దొరుకుతాయి, వాటిలో ఉన్నదీ పారాసిటమాలే, అదీ ఈ నాలుగు డోసుల లెక్కలోకే వస్తుంది.

ఆ పాపకి ఆ రాత్రి ఇంక మందు వద్దన్నాను, ఒక్కసారి రెట్టింపు పడితే సాధారణంగా ప్రమాదం కాదు. నన్ను నిజంగా భయపెట్టేది వేరే రకం: తిండి లేక నీరసించిన బిడ్డకి ఎక్కువ డోసు రెండు రోజులు వరుసగా పడటం. కాలేయం దెబ్బతిన్న సంగతి మొదటి రోజు బయటికి కనిపించదు, పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది. అందుకే బాగా ఎక్కువ పడిందని తెలిస్తే బాగానే ఉంది కదా అని ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. విరుగుడు మందు ఉంది, అది ఎనిమిది గంటల లోపు పడితే బాగా పనిచేస్తుంది.

జ్వరం తగ్గలేదని ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ సిరప్‌లు సొంతంగా పొయ్యడం మన ఇళ్ళల్లో మరీ ఎక్కువైంది. వాంతులతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి కిడ్నీల మీద పడతాయి, డెంగ్యూ అయితే రక్తస్రావం తెచ్చిపెడతాయి, వానాకాలం బెంగళూరులో డెంగ్యూ కాదని ఎవరం అనగలం? పైగా ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ కలిపిన సిరప్‌లు కూడా ఉన్నాయి, రెండు సీసాలు ఇస్తే పారాసిటమాల్ రెండుసార్లు పడుతుంది. జ్వరం మందు పిల్లకి కాస్త హాయిగా ఉండటానికే, థర్మామీటరులో అంకె దించడానికి కాదు. మామూలుగా నిద్రపోతున్న పిల్లని లేపి మరీ వెయ్యక్కర్లేదు.

ఇక నీళ్ళ సంగతి. దాహంగా ఉంది కదా అని పిల్ల అరగ్లాసు గటగటా తాగుతుంది, అది మొత్తం తిరిగొస్తుంది, "ఏదీ నిలవట్లేదు" అంటాం. నిలవనిది నీళ్ళు కాదు, అంత ఒక్కసారిగా తాగడం. వైట్‌ఫీల్డ్ పాపకి చెప్పింది ఇదే: ఓఆర్ఎస్ 5 ఎంఎల్ స్పూనుతో ఒకటి, రెండు నిమిషాలాగి ఇంకొకటి. ఉగ్గుగిన్నె ఉంటే దాంతోనైనా సరే, కొంచెం కొంచెంగా. కక్కితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్ళీ మొదలు. ఇలా గంటకి 150 ఎంఎల్ వెళ్తుంది, ఓపిక పడితే సెలైన్ అవసరం చాలామందికి రాదు. ఆ తల్లి, అమ్మమ్మ వంతులు వేసుకుని తాగించారు, రెండో గంటకి వాంతులు ఆగాయి. తల్లిపాలు తాగే పిల్లకి పాలు ఆపకండి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్ళలో, చిన్నదాన్ని 200 ఎంఎల్‌లో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ సగం గ్లాసులో అంటూ అంచనా వేస్తే ఉప్పు ఎక్కువైపోతుంది. 24 గంటలు దాటితే పారబోయాలి. గ్లూకోజు పొడి, పళ్ళరసాల డబ్బాలు ఓఆర్ఎస్ కావు, వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఉంటే ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇలాంటి తీపి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. అయినా షాపులో అడిగేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

"పళ్ళొస్తున్నాయిలే" అనే మాట మాత్రం దయచేసి జ్వరం ఉన్న ఆ రెండు మూడు రోజులు పక్కన పెట్టండి. విరేచనాలు లేకుండా జ్వరం, వాంతులు మాత్రమే ఉంటే అది కడుపు జబ్బే అనుకోవడానికి లేదు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, మెదడువాపు ఏదైనా కావచ్చు. పిల్ల మూత్రం పోసి ఆరు నుంచి ఎనిమిది గంటలైతే వెంటనే చూపించాలి, కానీ ఇప్పటి డైపర్లు తడిని తెలియనివ్వవు, ఆ రాత్రి డైపర్ తీసేసి పాత గుడ్డ కట్టండి, అప్పుడు తెలుస్తుంది. ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం, కళ్ళు లోపలికి పోవడం, వాంతి ముదురు ఆకుపచ్చగా లేదా రక్తంతో రావడం, ఫిట్స్, మెడ బిగుసుకోవడం, గాజుగ్లాసుతో నొక్కినా మాయం కాని మచ్చలు, ఆయాసం, ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. మూడు నాలుగు రోజులకి జ్వరం తగ్గి, పిల్ల ఉత్సాహంగా లేచే బదులు వాంతులు, కడుపునొప్పితో సొమ్మసిల్లుతుంటే డెంగ్యూ ప్రమాద దశ అదే, జ్వరం తగ్గిందని సంబరపడే సమయం కాదు. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 వస్తే ఇంట్లో వైద్యమే వద్దు.

ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు అన్ని సీసాలూ, ఏ టైముకి ఎంత వేశారో రాసిన కాగితం పట్టుకెళ్ళండి. బండి లేకపోతే 108. దారిలో పిల్ల మెలకువగా ఉంటే స్పూను ఆపకండి, ఆకుపచ్చ వాంతి అవుతున్నా, మగతగా ఉండి పిలిస్తే పలకకపోయినా మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి, మగతలో ఉన్న పిల్లకి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.