పది తగ్గిస్తే పది పెరిగితే చాలదు

“ధర 10 శాతం తగ్గించండి. అమ్మకాలు 10 శాతం పెరిగితే చాలు, లాభం ఎక్కడికీ పోదు. ఎక్కువ అమ్మితే అద్దె, జీతాలు ఎక్కువ పీసుల మీద పడి ఖర్చు తగ్గుతుంది. కొత్త కస్టమర్లు కూడా అలవాటవుతారు. డిస్కౌంట్‌కి భయపడేవాడు వ్యాపారం చేయలేడు. పది మందికీ పంపండి!”

ఈ మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తోంది. పంపేవాళ్లలో సొంత వ్యాపారం ఉన్నవాళ్లూ ఉన్నారు, నాకు కోపం వచ్చేది అందుకే.

మొదటి రెండు వాక్యాలే అన్నిటికన్నా ప్రమాదం. పీసు ధర 100 అనుకుందాం. కొనుగోలు, ప్యాకింగ్, కమీషన్ లాంటివి, అంటే పీసు అమ్మితేనే అయ్యే ఖర్చు, 70. మిగిలే 30 కాంట్రిబ్యూషన్. నెలకు 100 పీసులు పోతే మొత్తం 3,000. అద్దె, జీతాలు కట్టేదీ ఇందులోంచే, లాభం మిగిలేదీ ఇందులోంచే.

ఇప్పుడు ధర 90 చేశారు. ఖర్చు 70 అలాగే ఉంది, కాబట్టి పీసుకు మిగిలేది 20. మెసేజ్ చెప్పినట్టే 110 పీసులు అమ్మితే వచ్చేది 2,200. ఇంకో పది పీసులు కట్టి, మోసి, బిల్లు రాసి 800 పోగొట్టుకున్నారు. అంతెందుకు, గల్లాలో పడే డబ్బు కూడా 10,000 నుంచి 9,900కి తగ్గింది. ఖర్చు మాట ఎత్తకుండానే లెక్క తప్పింది! ఫార్వర్డ్ చేసే ముందు 110ని 90తో గుణించడానికి ఎంతసేపు పడుతుంది?

పాత 3,000 రావాలంటే 3,000ని 20తో భాగించాలి. 150 పీసులు, అంటే 50 శాతం ఎక్కువ. ఏ ధరకైనా పద్ధతి ఒకటే: తగ్గించిన మొత్తాన్ని, తగ్గించాక పీసుకు మిగిలే కాంట్రిబ్యూషన్‌తో భాగించాలి. అమ్మకాలు ఎంత పెరగాలో వస్తుంది. ఇక్కడ 10 బై 20, అంటే 50 శాతం. చాలామంది పాత 30తో భాగించి, 33 శాతం పెరిగితే సరిపోతుందనుకుంటారు. 133 పీసులకు వచ్చేది 2,660 మాత్రమే. అదే 20 శాతం తగ్గిస్తే పీసుకు మిగిలేది 10, అప్పుడు 300 పీసులు అమ్మాలి. 30 శాతం తగ్గిస్తే ఎన్ని అమ్మినా మిగిలేది సున్నా.

ఈ నష్టం పైకి కనబడదు. 140 పీసులు పోయాయనుకోండి. అమ్మకం 12,600, అంటే 26 శాతం పెరిగినట్టు. అందరూ సంబరపడతారు. కానీ కాంట్రిబ్యూషన్ 2,800, పాతదానికన్నా 200 తక్కువ. డిస్కౌంట్ పెట్టిన నెలలో గల్లా చూసి మురిసిపోకండి. అమ్మిన పీసులను కొత్త కాంట్రిబ్యూషన్‌తో గుణించి పాత నెలతో పోల్చండి. పైగా 150 పీసులు అమ్మాలంటే ముందు ఆ సరుకు ఉండాలి కదా. అదనపు 50 పీసులకు 3,500 దాకా పెట్టుబడి, అదీ పాత లాభం దగ్గరే నిలబడటానికి.

అద్దె పంచుకుపోతుందనే మాట వినడానికి బాగుంటుంది. పీసు మీద పడే వాటా తగ్గుతుంది, నిజమే. కట్టాల్సిన అద్దె మాత్రం అంతే ఉంటుంది, అది తీసేది కాంట్రిబ్యూషన్‌లోంచే. ఎక్కువ కొంటే సరుకు చవగ్గా వస్తుంది కదా అంటారా? 110 పీసులతో 3,000 రావాలంటే పీసు ఖర్చు 70 నుంచి 62.70 దాకా దిగాలి. పది శాతం ఎక్కువ కొన్నందుకు అంత తగ్గించే సప్లయర్ ఉంటే ధర తగ్గించండి, నేను కాదనను.

కొత్త కస్టమర్ల సంగతి: కొంతమంది వస్తారు. పాతవాళ్లు కూడా వచ్చే నెలకు కావాల్సింది ఇప్పుడే కొని పెట్టుకుంటారు. ఆ పీసులు పెరిగిన అమ్మకంలో కలుస్తాయి, వచ్చే నెల అమ్మకంలోంచి పోతాయి. అందుకే రెండు నెలలు కలిపి చూడాలి. ఇక భయం, ధైర్యం గురించి మాట్లాడటానికేమీ లేదు, ఇది భాగహారం.

ఒక్కచోట మాత్రం డిస్కౌంట్ పెట్టమనే నేనూ చెబుతాను. సప్లయర్ వెనక్కి తీసుకోని, మళ్లీ తెప్పించక్కర్లేని సరుకు గోదాములో పడి ఉందనుకోండి. దాని కొనుగోలుకు పెట్టిన డబ్బు ఎలాగూ పోయింది. ఇప్పుడు అమ్మితే వచ్చేదంతా కాంట్రిబ్యూషనే, ప్యాకింగ్, కమీషన్ తీసేస్తే చాలు. అవి కూడా లేవనుకుంటే 10 శాతం తగ్గింపుకు 11 శాతం పైచిలుకు అమ్మకం పెరిగితే సరిపోతుంది. సగం ధరకైనా ఇచ్చేయండి. అదే సరుకును మళ్లీ ఆర్డర్ పెట్టాల్సి ఉంటే మాత్రం పాత 70 లెక్కలోకి తిరిగొస్తుంది, అప్పుడు మళ్లీ 50 శాతమే.