చెరువుగట్టున మోసం, స్టేషన్‌లో ‘సివిల్ తగాదా’

‘మీ కేసు రిఫర్ చేశారండి, ఇక్కడో సంతకం పెట్టండి’ అని, అంటే చార్జిషీటు వేయకుండా కేసు మూసేయొచ్చని కోర్టుకు రాశామని, కానిస్టేబుల్ అందించే కాగితంలో సాధారణంగా రెండు మూడు వాక్యాలకు మించి ఉండదు. దర్యాప్తులో ఇది సివిల్ స్వభావం గల వ్యవహారంగా తేలిందనో, పొరపాటున పెట్టిన కేసు, అంటే మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ అనో, సాక్ష్యాలు చాలలేదనో రాసి ఉంటుంది. ఫిర్యాదుదారు సంతకం పెట్టి, ఆ కాగితాన్ని క్యాలెండర్ వెనక దోపి, కేసు పోయిందని ఊళ్లో చెప్పుకుంటాడు.

నిజానికి కేసు అప్పటికి పోలేదు. పోలీసులు పంపింది తమ అభిప్రాయం మాత్రమే. దాన్ని ఒప్పుకోవాలో వద్దో తేల్చేది మేజిస్ట్రేట్. అలా తేల్చే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి, అతని మాట వినాలని భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఆ వినిపించే మాటకే కోర్టు భాషలో ప్రొటెస్ట్ పిటిషన్ అని పేరు. ఈ పేరు డెల్టాలో చాలామంది చెవిన పడేసరికి గడువులు దాటిపోతుంటాయి.

మన దగ్గర తరచూ ఎదురయ్యే బాపతు కేసు ఒకటి తీసుకుందాం. భీమవరం చుట్టుపక్కల ఒక కౌలు రైతు వెనామీ రొయ్య పట్టుబడి చేశాడనుకోండి. తాను ఫలానా ప్రాసెసింగ్ ప్లాంటు ఏజెంటునంటూ ఒకాయన వచ్చాడు. ఐడీ కార్డు, ప్లాంటు పేరుతో ఉన్న కొనుగోలు లెటరు చూపించాడు. గట్టు మీదే తూకం వేశారు. 4 టన్నులు, కిలో 400 రూపాయలు, మొత్తం 16 లక్షలు. ముందురోజు 3 లక్షలు ఖాతాలో పడ్డాయి. మిగతా 13 లక్షలు వారంలో వస్తాయని చెప్పి, ఐసు వ్యానుతో సహా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. రైతు స్టేషన్‌కు వెళ్లాడు, ఎఫ్‌ఐఆర్ అయింది, కొన్ని నెలలకు రిఫర్ నోటీసు వచ్చింది. ‘కొంత సొమ్ము చెల్లించినందున ఇది వ్యాపార లావాదేవీ, సివిల్ కోర్టును ఆశ్రయించవచ్చు.’

ఈ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. బాకీ ఎగ్గొట్టిన ప్రతివాడూ మోసగాడు కాడు. సరుకు కొన్నాక ధర పడిపోయి చేతులెత్తేసినవాడు అప్పులవాడే తప్ప నేరస్థుడు కాడు. ఒకప్పుడు 420 అని, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 అని పిలిచే మోసం నిలబడాలంటే, బేరం కుదిరిన క్షణానికే అవతలివాడి మనసులో మోసం ఉండాలి. కాబట్టి ప్రశ్న 13 లక్షలు రాలేదన్నది కాదు. ఆ ఐడీ కార్డు నిజమా, ఆ లెటరు ప్లాంటు ఇచ్చిందేనా అన్నది. దర్యాప్తు ప్లాంటు గేటు దాకా కూడా వెళ్లకపోతే, సివిల్ అన్న నిర్ణయం దేని మీద నిలబడింది?

రైతుల తరఫున పడే పిటిషన్లు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే. మొదటి చిత్తులో మూడు పేజీలు ఎస్సై మీద కోపమే ఉంటుంది: నిందితుడితో కుమ్మక్కయ్యారు, నన్ను కూర్చోబెట్టి తిప్పారు, నాకు న్యాయం చేయండి. అది నిజమే కావచ్చు. కానీ మేజిస్ట్రేట్ దాన్ని చదివి చేయగలిగిందేమీ లేదు. పనికొచ్చే పిటిషన్ తీరు వేరు. ముందు కాపీ అప్లికేషన్ పెట్టి తుది నివేదిక, సాక్షుల వాంగ్మూలాలు తీసుకోవాలి. వాటిని పక్కన పెట్టుకుని ఏది వదిలేశారో ఒక్కొక్కటిగా రాయాలి. ప్లాంటు మేనేజరును విచారించలేదు. తూకం వేసినవాడి వాంగ్మూలం లేదు. వ్యాను డ్రైవరు సరుకు ఎక్కడ దించాడో అడగలేదు. అదే వారం పక్క ఊళ్లో మరో ఇద్దరు రైతులను ఇదే కార్డు చూపించి ముంచాడని చెప్పినా వాళ్లను పిలవలేదు. తూకం చీటీ, బ్యాంకు స్టేట్‌మెంటు, కొనుగోలు లెటరు ఫోటో జతచేయాలి.

ఇంత వివరం ఎందుకంటే, విష్ణుకుమార్ తివారీ కేసులో 2019లో సుప్రీంకోర్టు ఒక మెలిక స్పష్టం చేసింది. ప్రొటెస్ట్ పిటిషన్‌ను ప్రైవేటు ఫిర్యాదుగా, అంటే పోలీసులతో పనిలేకుండా నేరుగా మేజిస్ట్రేట్‌కు ఇచ్చే ఫిర్యాదుగా స్వీకరించాలంటే, అందులో ఫిర్యాదుకు ఉండాల్సిన సరుకంతా ఉండాలి: నేరమేమిటో, ఎవరు ఏం చేశారో, సాక్షులెవరో. కేవలం ఆక్షేపణలుంటే దాన్ని ఫిర్యాదుగా చూడాల్సిన పని మేజిస్ట్రేట్‌కు లేదు. పైగా ఒకసారి మంచిచెడ్డలు చూసి కొట్టేస్తే, అవే సంగతులతో రెండో ఫిర్యాదు అసాధారణ పరిస్థితుల్లో తప్ప నిలవదు. మొదటి చిత్తును కోపానికి ఖర్చుపెట్టేస్తే నష్టం రైతుదే.

పిటిషన్ విన్నాక మేజిస్ట్రేట్ ముందు కొన్ని దారులుంటాయి. పోలీసు నివేదికను ఒప్పుకుని ఫైలు మూసేయొచ్చు. ఇంకా దర్యాప్తు చేయమని తిప్పి పంపొచ్చు. పోలీసుల కాగితాల్లోనే నేరం కనిపిస్తే, వాళ్ల అభిప్రాయాన్ని పక్కనపెట్టి కేసు స్వీకరించొచ్చు. లేదా పిటిషన్‌నే ఫిర్యాదుగా తీసుకుని రైతును ప్రమాణం మీద విచారించొచ్చు. చార్జిషీటు వేయమని పోలీసులను ఆదేశించే అధికారం మాత్రం ఆయనకు లేదు. ఆ సంగతి అభినందన్ ఝా కేసులో 1967లోనే తేలిపోయింది.

మన రైతుకు వీటిలో మేలైనది తిరిగి దర్యాప్తే. ప్లాంటు రికార్డులూ, నిందితుడి కాల్ డేటా తెప్పించగలిగింది పోలీసులు కాబట్టి పిటిషన్‌లో మొదట అడగాల్సింది అదే. ప్రైవేటు ఫిర్యాదు దారి పట్టిందంటే సాక్షులను తెచ్చుకునే భారమంతా రైతు మీద పడుతుంది. వాయిదాకో రోజు చెరువు వదిలి రావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, అలాంటి ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందే నిందితుడి మాట కూడా వినాలి. అంటే ఇంకొన్ని వాయిదాలు.

అదే చట్టం దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలని కూడా పోలీసులకు చెప్పింది. ఆ ఒక్క నిబంధనను స్టేషన్లు మనసుపెట్టి పాటిస్తే, ప్లాంటు మేనేజరును ఇంకా అడగలేదన్న సంగతి రిఫర్ నోటీసుతో కాక ముందే తెలుస్తుంది. నోటీసు సంగతికొస్తే, అది తెలుగులో ఉండాలని, ఏ కోర్టుకు నివేదిక వెళ్లిందో, ఎవరిని విచారించి ఈ నిర్ణయానికి వచ్చారో అందులో రాయాలని, అభ్యంతరం చెప్పుకోవచ్చన్న ఒక్క వాక్యం అడుగున ఉండాలని మేం కోరుతున్నాం. కౌలు రైతు ఏటా ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు మారుతుంటాడు. పాత చిరునామాకు వెళ్లిన నోటీసును అందినట్టే లెక్కేసి, పిలిస్తే రాలేదని రాసి ఫైలు మూసేయడం విన్నట్టు కాదు. అలా మూసేస్తే ఆ ఉత్తర్వు సరైందో కాదో చూడమంటూ పైనున్న సెషన్స్ కోర్టులో రివిజన్ వేసుకోవచ్చు. దానికి గడువు 90 రోజులు.

ఇంకో గడువు సంగతి స్టేషన్‌లో గానీ, క్రిమినల్ కోర్టులో గానీ ఎవరూ గుర్తుచేయరు. అమ్మిన సరుకు ధర రాబట్టుకునే సివిల్ దావాకు కాలపరిమితి మూడేళ్లు. ఎఫ్‌ఐఆర్, రిఫర్ నోటీసు, ప్రొటెస్ట్ పిటిషన్, రివిజన్ అంటూ తిరిగేంతసేపూ ఆ కాలం ఆగదు. తిరిగి దర్యాప్తుకు ఆదేశం వచ్చినా ఆగదు. సొమ్ము ఎప్పటిలోగా ఇవ్వాలో రాతపూర్వక ఒప్పందమేదీ లేని మన రైతు లెక్క చూసుకోవాల్సింది, చెరువుగట్టు మీద సరుకు చేతులు మారిన రోజు రాసిన తూకం చీటీ తేదీ నుంచే.