ఫొటోలో ఎరుపు కనిపిస్తుంది, లోతు కనిపించదు

"నిన్న మరుగుతున్న సాంబారు మా అమ్మగారి ముంజేతిపై ఒలికింది. బొబ్బలు వచ్చాయి. ఫొటో చూసి ఎంత లోతుగా కాలిందో చెప్పగలరా?"

బొబ్బ వచ్చిందంటే కాలిన గాయం పైపొరను దాటి లోపలి చర్మానికి చేరిందని మాత్రమే అర్థం. అక్కడ ఎంత లోతుకు దిగిందో బొబ్బ అడుగున ఉన్న చర్మం చెప్పాలి. చిట్లిన చోట అడుగు గులాబీ రంగులో తడిగా ఉండి, శుభ్రమైన గ్లవ్ వేసుకున్న వేలితో రెండు క్షణాలు నొక్కి వదలగానే తెల్లబడి, వెంటనే మళ్ళీ ఎర్రబడితే, రక్తనాళికలు పనిచేస్తున్నట్లే. ఇటువంటి గాయం బాగా నొప్పి పెడుతుంది, సాధారణంగా రెండు మూడు వారాల లోపే మానుతుంది.

ఫొటోలో మణికట్టు దగ్గర కనిపిస్తున్న ముదురు ఎరుపు మచ్చే నన్ను ఆలోచింపజేస్తోంది. నొక్కినా ఆ ఎరుపు చెదరకపోతే, అది ప్రవహిస్తున్న రక్తం కాదు, దెబ్బతిన్న నాళికల నుంచి బయటికి వచ్చి చర్మంలో నిలిచిపోయిన రక్తం. అంటే గాయం లోతైనదని అనుమానించాలి. అక్కడ నొప్పి తక్కువగా ఉందని ఊరట చెందకండి, నరాల కొసలు కాలినప్పుడు కూడా అలాగే ఉంటుంది. తోలులా గట్టిపడి తెల్లగానో గోధుమరంగులోనో ఉంటే మరీ లోతు.

ఫొటోను నొక్కి చూడలేము కదా! పైగా దీపపు వెలుతురు రంగును మారుస్తుంది, చామనఛాయ చర్మంపై ఎరుపు సరిగా తెలియదు, మొదటి రెండు మూడు రోజుల్లో గాయం ఇంకా లోతుకు దిగవచ్చు. బొబ్బలను మీరు చిదమకుండా, ఆ మణికట్టును ఈరోజే వైద్యునికి చూపించి, 48 గంటల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించండి.